స్టోర్‌కి పంపాల్సింది మొత్తం స్టాకా, తేడా మాత్రమేనా?

కొత్తసభ్యురాలు_లత: మా ఈఆర్‌పీ నుంచి ఆన్‌లైన్ స్టోర్‌కి ప్రతి 15 నిమిషాలకు స్టాక్ వెళ్తుంది. ఆర్డర్లు వెబ్‌హుక్ ద్వారా ఈఆర్‌పీకి వస్తాయి. లేని సరుకు అమ్ముడైపోతోంది, కొన్ని ఆర్డర్లు రెండుసార్లు పడుతున్నాయి. స్టాక్‌ను మొత్తం సంఖ్యగా పంపాలా, పెరిగింది తగ్గింది మాత్రమే పంపాలా?

లైవ్‌సింక్: తేడా మాత్రమే పంపండి. మొత్తం సంఖ్య పంపితే ఏమవుతుందో చూడండి. ఈఆర్‌పీలో 10 ఉన్నాయి, స్టోర్‌లో కూడా 10. ఆన్‌లైన్‌లో 3 అమ్ముడయ్యాయి, స్టోర్ 7 చూపిస్తోంది. ఆ ఆర్డర్లు ఇంకా ఈఆర్‌పీకి చేరలేదు. ఈలోపు 15 నిమిషాల జాబ్ వచ్చి మళ్లీ 10 అని రాసేసింది. ఆ పదీ అమ్ముడైతే మొత్తం 13 అమ్మినట్టు. మీకు జరుగుతున్నది ఇదే.

రమణ_కనెక్టర్: లెక్క సరైనదే, మందు తప్పు. సరుకు వచ్చింది, మీరు స్టోర్‌కి +20 పంపారు. స్టోర్ కలుపుకుంది కానీ జవాబు దారిలో పోయింది. కనెక్టర్‌కి టైమౌట్ కనిపించి మళ్లీ +20 పంపుతుంది. ఇప్పుడు లేని 20 పీసులు అమ్మకానికి ఉన్నాయి, ఎక్కడా ఎర్రర్ కూడా ఉండదు. అదే మొత్తం సంఖ్యను ఎన్నిసార్లు పంపినా ఫలితం మారదు.

లైవ్‌సింక్: ప్రతి మెసేజ్‌కి ఒక ఐడీ పెడితే ఆ సమస్యే లేదు.

రమణ_కనెక్టర్: ఆ ఐడీని గుర్తుపెట్టుకుని రెండోదాన్ని పక్కన పెట్టాల్సింది స్టోర్. వాళ్ల ఏపీఐలో ఆ ఏర్పాటు ఉంటే మంచిదే. లేకపోతే మీ ఐడీని చూసేవాడే లేడు.

ఎక్సెల్_బాబు: డూప్లికేట్లు అన్నారు కాబట్టి చెబుతున్నాను, ముందు ఎస్‌కేయూలు చూడండి. మా దగ్గర ఎవరో ధరల ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారు. 00125 కాస్తా 125 అయింది. స్టోర్‌లో అదే వస్తువు రెండోసారి పుట్టింది, పాతదానికి పాత ధర, కొత్తదానికి కొత్త ధర. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా ఇంపోర్ట్ చేయకపోతే ఎంత సింక్ చేసినా దండగే.

కొత్తసభ్యురాలు_లత: ఎస్‌కేయూలు బాగానే ఉన్నాయండీ. రెండుసార్లు పడుతున్నవి ఆర్డర్లు. స్టోర్ ఆర్డర్ నంబరు ఒకటే, ఈఆర్‌పీలో మాత్రం రెండు సేల్స్ ఆర్డర్లు. ఎక్కువ లైన్లున్న పెద్ద ఆర్డర్లకే ఇలా అవుతోంది.

రమణ_కనెక్టర్: పెద్ద ఆర్డర్లకే అన్నారంటే కారణం దాదాపు దొరికినట్టే. వెబ్‌హుక్ రాగానే మీ కనెక్టర్ ఈఆర్‌పీలో ఆర్డర్ సృష్టించి, అది పూర్తయ్యాకే స్టోర్‌కి 200 అని జవాబిస్తోంది అనుకుంటున్నాను. ఉదాహరణకు Shopify జవాబు కోసం 5 సెకన్లే ఆగుతుంది. లైన్లు ఎక్కువైతే పన్ను లెక్క, క్రెడిట్ చెక్ అన్నీ కలిపి ఆ గడువు దాటిపోతుంది. స్టోర్ దాన్ని విఫలం కింద జమకట్టి మళ్లీ పంపుతుంది. మొదటిది లోపల నడుస్తూనే ఉంటుంది, రెండోది కూడా మొదలవుతుంది.

కాబట్టి వచ్చిన మెసేజ్‌ని ఉన్నది ఉన్నట్టుగా ఒక టేబుల్‌లో రాసి వెంటనే 200 ఇచ్చేయండి. అసలు పని వెనకాల క్యూలో జరగాలి. అయినా డూప్లికేట్లు వస్తాయి, ఎందుకంటే వెబ్‌హుక్ కనీసం ఒకసారి వస్తుందనే గ్యారంటీ తప్ప ఒక్కసారే వస్తుందని ఎవరూ చెప్పరు.

లైవ్‌సింక్: సృష్టించే ముందు ఆ నంబరుతో ఆర్డర్ ఉందేమో వెతికితే చాలదా? ఇంత హడావుడి దేనికి?

రమణ_కనెక్టర్: చాలదు. రెండు వర్కర్లు ఒకేసారి వెతికితే ఇద్దరికీ లేదనే కనిపిస్తుంది, ఇద్దరూ సృష్టిస్తారు. ఆపాల్సింది డేటాబేసే. పోస్ట్‌గ్రెస్ అయితే ఇలా:

```sql
CREATE UNIQUE INDEX om_uniq
  ON order_map (channel, external_id);

INSERT INTO order_map (channel, external_id)
VALUES ('web', '48213')
ON CONFLICT DO NOTHING;
```

వరుస చేరితే ఆర్డర్ సృష్టించే పని మీది. చేరకపోతే ఆ పని ఇంకొకరు పట్టుకున్నట్టు, వదిలేయండి. ఒక చిక్కుంది. వరుస చేరాక, ఈఆర్‌పీలో ఆర్డర్ పడేలోపు వర్కర్ ఆగిపోవచ్చు. అందుకని అదే టేబుల్‌లో ఈఆర్‌పీ నంబరుకి ఒక కాలమ్ పెట్టి, చాలాసేపు ఖాళీగా ఉన్నవాటిని ఒక జాబ్ ఏరాలి. ఆ జాబ్ ముందు స్టోర్ నంబరుతో ఈఆర్‌పీలో వెతకాలి, నిజంగా లేకపోతేనే సృష్టించాలి.

లైవ్‌సింక్: ఆవిడ లేని సరుకు అమ్ముడవుతోందని మొత్తుకుంటుంటే మీరు డూప్లికేట్ల చుట్టూనే తిరుగుతున్నారు. నా పాత ఉద్యోగంలో ఒక కన్సల్టెంట్ మీలాగే "మొత్తం సంఖ్యే సేఫ్" అని పట్టుబట్టాడు. పెద్ద సేల్ రోజున కుప్పలుగా ఆర్డర్లు రద్దు చేశాం. తిట్లు తిన్నది నేను, అతను కాదు.

రమణ_కనెక్టర్: ఆ కోపం అతని మీద చూపించండి, నా మీద కాదు. మొత్తం సంఖ్య పంపమన్నాను గానీ, గుడ్డిగా పంపమని ఎక్కడన్నాను?

గోడౌన్_సుజాత: ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ఆ 10 ఏ 10? గోడౌన్‌లో భౌతికంగా ఉన్నదా, అమ్మడానికి మిగిలినదా? మా ఈఆర్‌పీలో ఆన్‌హ్యాండ్ అనేది సరుకు డిస్పాచ్ అయ్యాకే తగ్గుతుంది. అంటే ఆ 3 ఆర్డర్లూ ఈఆర్‌పీకి చక్కగా చేరినా, ప్యాకింగ్ అయ్యేదాకా ఆన్‌హ్యాండ్ 10గానే ఉంటుంది. ఆ ఫీల్డ్ పంపితే క్యూ ఖాళీగా ఉన్నా సరే, లేనిది అమ్ముతారు. లత గారూ, మీది ఏ ఫీల్డో ముందు అది చూడండి.

లైవ్‌సింక్ గారి లెక్కే తీసుకుందాం. ఉన్నవి 10. డీలర్‌కి రిజర్వ్ చేసినవి 2. మూడు ఆన్‌లైన్ ఆర్డర్లలో రెండు ఈఆర్‌పీలో రిజర్వ్ అయ్యాయి, ఒకటి క్యూలో ఉంది. పంపాల్సింది 10 − 2 − 2 − 1, అంటే 5. స్టోర్ చూపిస్తున్న 7 కూడా తప్పే, డీలర్ సంగతి దానికి తెలియదు కాబట్టి.

రమణ_కనెక్టర్: నేను చెప్పాల్సింది మీరు చెప్పారు. ఇంకొక్క రంధ్రం ఉంది. స్టోర్ తీసుకున్నా వెబ్‌హుక్ ఇంకా రాని ఆర్డర్ క్యూలో కూడా కనిపించదు. అందుకని పంపే ముందు స్టోర్‌లో ఇప్పుడు ఎంత ఉందో చదవాలి, కొత్త ఆర్డర్లు లాగాలి, తర్వాత లెక్క కట్టాలి. కొన్ని ఏపీఐలలో "నీ దగ్గర 7 ఉంటేనే 5 చెయ్" అని పంపొచ్చు. మధ్యలో ఒకటి అమ్ముడై 6 అయితే స్టోర్ తిరస్కరిస్తుంది, మళ్లీ లెక్క కట్టి పంపాలి. ఆ సదుపాయం లేకపోతే వేగంగా కదిలే ఐటమ్‌లకు రెండు మూడు పీసులు వెనక్కి ఉంచుకోవడమే.

లైవ్‌సింక్: ఇదైతే ఒప్పుకుంటాను. డీలర్‌కి ఆ 2 ఎందుకు ముందుగా తీసేయాలి అన్నదే నా ప్రశ్న. ఆన్‌లైన్ కస్టమర్ డబ్బు కట్టేశాడు, డీలర్ ఇంకా కట్టలేదు. రిజర్వ్ చేసే అధికారం స్టోర్‌కే ఉండాలి.

గోడౌన్_సుజాత: ఏడాది పొడవునా కొనే డీలర్‌కి ఇచ్చిన మాట మీద మీ స్టోర్ ఎలా గీత గీస్తుందండీ? స్టాక్ తక్కువైతే ఫోన్లు నాకొస్తాయి, స్టోర్‌కి కాదు.

లైవ్‌సింక్: రద్దయిన ఆర్డర్ల ఫోన్లు నాకొచ్చాయి మేడమ్. ఇందులో నా మాట మారదు.

ధరల_శ్రీను: ధరలు మాత్రం ఈఆర్‌పీ నుంచి స్టోర్‌కి ఒకవైపే వెళ్లాలి. స్టోర్ అడ్మిన్‌లో ఆఫర్ ధర చేత్తో మార్చితే తర్వాతి సింక్ దాన్ని తుడిచేస్తుంది.

కొత్తసభ్యురాలు_లత: చూశాను. మాది ఆన్‌హ్యాండ్ ఫీల్డే వెళ్తోంది. కనెక్టర్ లాగ్‌లో కూడా డబుల్ పడిన ప్రతి ఆర్డర్‌కీ ముందు ఒక టైమౌట్ ఉంది. ఇండెక్స్ పెట్టమని, వెంటనే 200 ఇవ్వమని డెవలపర్‌కి చెప్పాను. ఇండెక్స్ ఎక్కే ముందు పాత డబుల్ వరుసలు అడ్డొస్తాయట, వాటిని ఏరుతున్నాడు. డీలర్ రిజర్వ్ సంగతి మా సేల్స్ వాళ్లు, వెబ్ వాళ్లు ఇంకా తేల్చలేదు.

గోడౌన్_సుజాత: ఆ డబుల్ ఆర్డర్లు క్యాన్సిల్ చేసేటప్పుడు స్టోర్‌కి రద్దు మెసేజ్ వెళ్లకుండా చూడండి. ఆర్డర్ నంబరు ఒకటే కాబట్టి కస్టమర్ అసలు ఆర్డరే రద్దైపోతుంది.