‘దీపం కన్నుమూసింది’ అంటే సంఘటన మారినట్టేనా?

శైలజ: ఒక సాదా పేరాని సంఘటనలు మార్చకుండా కవితాత్మకంగా తిరగరాయమన్నారు.

అసలు: ‘రాత్రి వాన కురిసింది. సీత లేచి తలుపు తీసి చూసింది. బయట ఎవరూ లేరు. తలుపు వేసి, దీపం ఆర్పి పడుకుంది.’

నాది: ‘ఆకాశం రాత్రంతా బాధ కుమ్మరించింది. ఎదురుచూసి అలసిన కళ్లతో సీత తలుపు తీసింది. వాకిట శూన్యం. నిట్టూరుస్తూ తలుపు వేసింది. దీపం కన్నుమూసింది. తనూ పడుకుంది.’

సంఘటనలు మార్చారని తిప్పికొట్టారు. ఎక్కడ మార్చాను?

కిరణ్: ‘ఆకాశం బాధ’ ఉత్ప్రేక్ష కదా, అదే తప్పు. ఉన్న వాటికి విశేషణాలు చేర్చుకోవాలి, అంతే.

రాఘవరావు: కిరణ్, అది ఉత్ప్రేక్ష కాదు. ‘ఆకాశం ఏడుస్తోందా అన్నట్టు’ అంటే ఉత్ప్రేక్ష. అందులో ‘అన్నట్టు’ ఉంది కాబట్టి అది ఊహేనని చదివేవాడికి తెలుస్తుంది, వాన వానగానే ఉంటుంది. విశేషణాలూ అంత అమాయకమైనవి కావు. ‘అలసిన’ అన్నదే చూడు, అసలులో లేని ఒక రాత్రి కథని లోపలికి తెచ్చింది.

శైలజమ్మా, అలంకారాలు తీసేసి మీ పేరాని మళ్లీ సాదాగా చెప్పి చూడండి. వాన రాత్రంతా కురిసింది, సీత ఎవరికోసమో చూసింది, నిట్టూర్చింది, దీపం దానంతట అదే ఆరింది. ఈ నాలుగూ అసలులో లేవు. చివరిది మరీ చిక్కు. ఆర్పింది సీత, మీ వాక్యంలో ఆమె చెయ్యి మాయమైంది. పైగా ‘కన్నుమూయడం’ అనగానే ఇంట్లో ఎవరో పోయారేమో అనిపిస్తుంది.

వెంకట్: నేను మా బామ్మ చెప్పిన కథని తేటగీతిలో పెట్టాను. గణం కుదరక ‘పొద్దున’ని ‘సంధ్య’ చేశా. అందరూ సాయంత్రం అనుకున్నారు!

శైలజ: పద్యం కాదండీ, వచనమే :) రాఘవరావు గారూ, మరి మీరైతే ఎలా రాస్తారు?

రాఘవరావు: ‘రాత్రిని వాన తడిపింది. సీత లేచి తలుపు తీసి చూసింది. వాకిలి నిండా చీకటే, మనిషి జాడ లేదు. తలుపు వేసి, దీపపు పసుపు రేకని ఊపిరితో రాల్చి, చీకటిని దుప్పటిలా కప్పుకుని పడుకుంది.’

తీసి, వేసి, రాల్చి. వీటిని కదపలేదు. ఒకదాని తర్వాత ఒకటి జరిగిందని చెప్పేవి అవే. లయ కోసం ‘తీస్తూ చూసింది’ అంటే రెండూ ఒకేసారి జరిగినట్టవుతుంది.

శైలజ: ‘ఊపిరితో’ అని అసలులో ఎక్కడుందండీ? వత్తి నొక్కి కూడా ఆర్పి ఉండొచ్చుగా!

రాఘవరావు: దొరికిపోయాను. ‘రేకని రాల్చి’ అని ఆపాలి.

కిరణ్: సరే గానీ, ఆమె తలుపు తీసేసరికి వాన ఇంకా పడుతోందా, ఆగిపోయిందా? అసలులోనే లేదు. వర్ణించాలంటే ఏదో ఒకటి తేల్చుకోవాలి కదా?

రాఘవరావు: నేనైతే ఆ గుమ్మం దగ్గర వాన ఊసే ఎత్తను.

కిరణ్: అది తప్పించుకోవడం సార్!