అప్‌డేట్: పాప కళ్లజోడు లాగేయడం ఆగింది

నా ప్రశ్న: "రెండేళ్ల పాప కళ్లజోడు లాగేస్తోంది, మీద కూర్చుంటోంది, ఎక్కడో పడేస్తోంది. ఏ ఫ్రేమ్ తట్టుకుంటుంది?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పవర్ తేడా ఉందేమోనని టెన్షన్ పడ్డాం గానీ, మళ్లీ చెక్ చేస్తే సరిగ్గానే ఉంది. తేడా ఫిట్టింగ్‌లో ఉందని ఆప్టీషియన్ చెప్పారు. ఈ వయసులో ముక్కు దూలం చదునుగా ఉంటుంది కదా, పాత ఫ్రేమ్ కిందికి జారిపోయేది. పాప అద్దాల పైనుంచి చూసేది, విసుగొచ్చి లాగేసేది.

ఇప్పుడు స్క్రూలు, మెటల్ మడతలు లేని మెత్తటి ఫ్రేమ్, పాలికార్బొనేట్ లెన్స్‌లు తీసుకున్నాం. ముక్కు మీద ఆనే భాగం ఇరుకుగా ఉండటంతో కంటిపాప లెన్స్ మధ్యలోనే ఉంటోంది. మీద కూర్చుంటే లెన్స్ ఊడొస్తుంది, నొక్కితే మళ్లీ కూర్చుంటుంది. తల వెనక పట్టీ ఉండటంతో పోగొట్టడం కూడా బాగా తగ్గింది.