అప్‌డేట్: 12 గీతల చార్టును విడగొట్టాక

నా ప్రశ్న: “12 విభాగాలకు 36 నెలల్లో వచ్చిన ఫిర్యాదులను ఒకే లైన్ చార్టులో గీస్తే గీతలన్నీ చిక్కుపడుతున్నాయి. విడగొట్టాలా?”

విభాగానికొకటి చొప్పున 12 చిన్న చార్టులు గీశాను. అయితే మొదట R భాషలోని ggplot2లో `facet_wrap(~dept, scales = "free_y")` అని రాయడం వల్ల ప్రతి చార్టు నిలువు అక్షమూ వేరుగా అమరి, నెలకు 5 నుంచి 8కి పెరిగిన విభాగమూ, 200 నుంచి 320కి పెరిగిన విభాగమూ అచ్చం ఒకేలా కనిపించాయి. `free_y` తీసేస్తే చిన్న విభాగాల గీతలు అడుగున చదునుగా అతుక్కుపోయాయి.

నాకు కావలసింది పెరుగుదల వేగం కనుక, ప్రతి విభాగానికీ మొదటి 12 నెలల సగటును 100గా తీసుకుని, ఉమ్మడి అక్షంపైనే మళ్లీ గీశాను. (ఒక్క మొదటి నెలనే ఆధారం చేసుకున్నప్పుడు, ఆ నెలలో యాదృచ్ఛికంగా తక్కువ ఫిర్యాదులున్న విభాగం లేనిపోని ఎత్తుకు ఎగిరింది.) చిన్న సంఖ్యల్లో 60 శాతం పెరుగుదల కేవలం ఒడిదుడుకే కావచ్చు కాబట్టి, ప్రతి చార్టు శీర్షికలో అసలు సగటును కూడా రాశాను.

మొత్తం విడగొట్టలేదు. ఒక విభాగం మరొకదాన్ని ఏ నెలలో దాటిందన్నది పక్కపక్క చార్టుల్లో కంటికి అందదు. అందుకే అలాంటి రెండింటిని మాత్రం ఒకే చార్టులో ఉంచాను.