లైపోప్రోటీన్ ఎ 64 నుంచి 152 అయింది, మళ్లీ టెస్ట్ చేయించాలా?

రాజాం శ్రీను
అన్నయ్యకి 44 ఏళ్లకే స్టెంట్ పడింది. సిగరెట్ లేదు, షుగర్ లేదు, చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ కూడా పెద్దగా లేదు. విశాఖలో డాక్టరు గారు రక్తంలో కొలెస్ట్రాల్ మోసే లైపోప్రోటీన్ ఎ అనే కణం ఎంతుందో చూసి, తమ్ముడు కూడా చూపించుకోవాలన్నారు. విజయనగరంలో చేయిస్తే నాకు 64 వచ్చింది. అప్పట్నుంచి నూనె తగ్గించాను, రోజూ నడుస్తున్నాను. మొన్న విశాఖలో మళ్లీ చేయిస్తే 152! టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంకోసారి చేయించాలా? తగ్గడానికి మందేమైనా ఉందా? పాపకి తొమ్మిదేళ్లు, దానికీ చూపించాలా? నాన్న 51 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. మా ఆవిడ మా మేనత్త కూతురే.

బొబ్బిలి రమణమ్మ
బాబూ, ముందు స్టాటిన్ వేస్తున్నారేమో చూసుకో. మా ఆయనకి అది మొదలెట్టాక లైపోప్రోటీన్ ఎ కొంచెం పెరిగింది. అందుకే మాన్పించేశాను. కొలెస్ట్రాల్ తగ్గిస్తామని ఇంకోదాన్ని పెంచే మాత్ర మనకెందుకు?

ల్యాబ్ బాబు, విజయనగరం
ఏళ్ల తరబడి ల్యాబ్‌లోనే ఉన్నాను. ఇది పది సెకన్ల లెక్క. మొదటి రిపోర్టు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, రెండోది నానోమోల్స్‌లో. 64ని రెండున్నరతో గుణిస్తే 160, మీకు 152. అంటే కాస్త తగ్గింది కూడా! నడక పనిచేసింది, కొనసాగించండి.

పలాస జీడి
బాబు గారూ, యూనిట్లు వేరన్న మాట నిజమే, రెండున్నర మాత్రం అందరికీ కుదరదు. మా దగ్గర జీడిపప్పు డబ్ల్యూ 180 రకమైతే పౌండుకి 180 గింజలు తూగుతాయి, డబ్ల్యూ 320 అయితే 320. బరువు చెప్పినంత మాత్రాన గింజలెన్నో తెలియదు, గింజ ఎంతుందో తెలియాలి. మిల్లీగ్రాములు బరువు, నానోమోల్స్ కణాల సంఖ్య. ఈ కణం మీద ఉండే ప్రోటీన్ ఒక్కో మనిషిలో ఒక్కో పొడవు, కొందరిది పెద్దది, కొందరిది చిన్నది. కాబట్టి ‘కాస్త తగ్గింది’ అని చెప్పడానికి ఆ లెక్క పనికిరాదు. నడకతో ఇది తగ్గదు కూడా.

ల్యాబ్ బాబు, విజయనగరం
జీడిపప్పు అమ్మేవాళ్లు నాకు ల్యాబ్ పాఠం చెప్తున్నారు! నేను రోజూ రిపోర్టులు చూసేవాణ్ణి. పెద్ద డాక్టర్లు కూడా ఇదే లెక్కతో గుణిస్తారు.

పలాస జీడి
అంచనాకి గుణించుకోండి, కాదనను. తగ్గిందో పెరిగిందో తేల్చడానికి గుణించొద్దనే నా గొడవ. మా బావకి మిల్లీగ్రాముల రిపోర్టు, నానోమోల్స్ రిపోర్టు పక్కపక్కన పెట్టి ‘రెట్టింపైంది’ అని ఎవరో భయపెట్టారు. ఆయన ఆ రాత్రే అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. అందుకే ఒళ్లు మండుతోంది.

చీపురుపల్లి గీత
గుండె వార్డులో నర్సుగా చేస్తున్నాను, రోజూ ఇవే ప్రశ్నలు వింటాం. శ్రీను గారూ, మిల్లీగ్రాముల్లో 50, నానోమోల్స్‌లో 125 దాటితే ఎక్కువ అంటారు. మీ రెండు రిపోర్టులూ గీత దాటాయి, రెండూ ఒకే మాట చెప్తున్నాయి. మూడో రిపోర్టు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇది పుట్టుకతో వచ్చే జీన్ నిర్ణయించే అంకె, అన్నం మానినా నూనె మానినా పెద్దగా కదలదు. ఒక్కసారి చాలని డాక్టర్లు చెప్పేది అందుకే.

రమణమ్మ గారూ, మీ మాట చదివి భయమేసింది. స్టాటిన్‌తో కొందరిలో లైపోప్రోటీన్ ఎ కాస్త పెరగొచ్చు, నిజమే. కానీ ఎల్‌డీఎల్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. గుండెపోటు నుంచి కాపాడేది ఆ తగ్గుదలే. మీ ఆయనకి ఇప్పటికే గుండె జబ్బుంటే మాత్రం ఇవాళే డాక్టర్ని కలవండి.

ఉద్దానం కుర్రోడు
‘ఒక్కసారి చాలు’ అని అందరికీ రూలు పెట్టకండి. మాది కవిటి వైపు. మా నాన్నకి కిడ్నీలు పోయి డయాలసిస్ నడుస్తోంది, ఈ టెస్టు ఎక్కువొచ్చింది. అది వంశమా, కిడ్నీయా? ఎవరూ చెప్పరు.

చీపురుపల్లి గీత
మీ ప్రశ్న సరైనది. కిడ్నీ బాగా దెబ్బతిన్నా, మూత్రంలో ప్రోటీన్ ఎక్కువగా పోతున్నా, థైరాయిడ్ తగ్గినా ఈ అంకె పెరుగుతుంది. లివర్ జబ్బులో తగ్గుతుంది. అలాంటివాళ్లకి పరిస్థితి మారితే మళ్లీ చూస్తారు, కిడ్నీ మార్పిడి తర్వాత తగ్గిపోవడం కూడా ఉంది. నాన్నగారిది ఎంత వంశం, ఎంత కిడ్నీ అన్నది ఈ ఒక్క రిపోర్టు తేల్చదు. మీ అన్నదమ్ములు చేయించుకుంటే కొంత ఆధారం దొరుకుతుంది.

రాజాం శ్రీను
సరే. పాప సంగతి ఎవరూ చెప్పలేదు.

బొబ్బిలి రమణమ్మ
మేనరికం చేసుకుంటే ఇలాంటివే వస్తాయని ముందే తెలియదా?

ల్యాబ్ బాబు, విజయనగరం
మేనరికాన్ని ఇక్కడికి లాగొద్దు. మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికమే, అందరూ బాగున్నారు.

చీపురుపల్లి గీత
ఇద్దరూ ఆగండి. శ్రీను గారికి ఈ అంకెని పెంచే జీన్ ఒకటి ఉందనుకుందాం. ఆవిడ మేనత్త కూతురైనా కాకపోయినా, దాన్ని పాపకి ఇచ్చే అవకాశం సగం. మేనరికం కలిసేది ఒక్క చోటే. జీన్ నాన్నగారి వైపు నుంచి వచ్చుంటే, మేనత్త ద్వారా మీ ఆవిడకీ వచ్చుండొచ్చు. ఇద్దరికీ ఒక్కొక్కటి ఉంటే పాపకి రెండూ ఎక్కువవి రావడానికి నాలుగో వంతు అవకాశం, ఒక్కటి రావడానికి సగం, ఏదీ రాకపోవడానికి నాలుగో వంతు. కాబట్టి ముందు మీ ఆవిడకి చేయించండి. అమ్మగారు ఉంటే ఆవిడకీ చేయించండి. అమ్మగారిది తక్కువొస్తే అది చాలావరకు నాన్నగారి వైపుదే.

పిల్లల్లో అయిదేళ్లు దాటేసరికి ఇంచుమించు పెద్దవాళ్ల అంకె వచ్చేస్తుంది. పాపకి ఎక్కువొచ్చినా ఇప్పుడు మాత్రలేవీ ఉండవు. పొగాకు జోలికి పోకూడదని, బీపీ, ఎల్‌డీఎల్ మీద కన్నేసి ఉంచాలని తెలుస్తుంది.

పలాస జీడి
మందు సంగతి నేను చెప్తాను. మా బావ నియాసిన్ అనే విటమిన్ మాత్ర కొనుక్కుని వాడాడు. అంకె తగ్గింది, ఒళ్లంతా మంటలు, షుగర్ కూడా పెరిగింది. పెద్ద ట్రయల్స్‌లో దాని వల్ల గుండెపోట్లు తగ్గలేదు. దాని కోసం డబ్బు తగలేయొద్దు.

చీపురుపల్లి గీత
అవును. ఎల్‌డీఎల్ తగ్గించే పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లు దీన్ని కూడా పాతిక శాతం వరకు తగ్గిస్తాయి, ఖరీదెక్కువ. పెలాకార్సెన్, ఓల్పాసిరాన్ లాంటి కొత్త మందులు 80 శాతం, అంతకన్నా ఎక్కువ తగ్గిస్తాయని తేలింది. గుండెపోటు కూడా తగ్గుతుందా అన్నది పెద్ద ట్రయల్స్‌లో తేలాలి. ఈలోగా మిగతా ప్రమాదాలు తగ్గించడమే దారి. అన్నయ్యగారికి ఎల్‌డీఎల్ 55 కిందకి తేవాలి, స్టాటిన్‌తో రాకపోతే ఎజెటిమైబ్ అనే ఇంకో మాత్ర కలుపుతారు. ఇంకో మాట, రిపోర్టులో కనిపించే ఎల్‌డీఎల్‌లో లైపోప్రోటీన్ ఎ మోసే కొలెస్ట్రాల్ కూడా కలిసే ఉంటుంది. అందుకే ఇలాంటివాళ్లకి మాత్రలు సరిగ్గా వేసుకున్నా అనుకున్నంత తగ్గినట్టు కనిపించదు, ‘మాత్రలు మానేశావు’ అని ఇంట్లో తిట్టకండి.

ల్యాబ్ బాబు, విజయనగరం
ఇది మాత్రం మా ల్యాబ్‌లో రోజూ చూస్తాం. అయినా రెండున్నర లెక్క తప్పని నేను ఒప్పుకోను.

రాజాం శ్రీను
ఆస్పిరిన్ వేసుకోమని మా బాబాయి అంటున్నాడు, దాని సంగతేంటి?

ఉద్దానం కుర్రోడు
ఒద్దన్నా, మా ఊళ్లో కడుపులో రక్తం పోయినవాడున్నాడు.

చీపురుపల్లి గీత
స్టెంట్ ఉన్న అన్నయ్యగారు ఎటూ వాడుతూనే ఉంటారు. ఇంకా గుండె జబ్బు లేని మీలాంటివాళ్లకి, లైపోప్రోటీన్ ఎ ఎక్కువైతే ఉపయోగమని కొన్ని అధ్యయనాలు చెప్తున్నాయి గానీ రక్తస్రావం ముప్పు పక్కనే ఉంది, డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. మీ అంతట మీరు మొదలెట్టకండి. రిపోర్టులు రెండూ, అన్నయ్యగారి డిశ్చార్జ్ కాగితం తీసుకుని వెళ్లండి.