"డ్రాఫ్ట్ క్యాండిడేట్" అంటే ఎమోజీ వచ్చేసినట్టా, రానట్టా?

సుజాత:
అందరికీ నమస్కారం. కొత్త ఎమోజీల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అక్షరాలకూ ఎమోజీలకూ అంకెలు కేటాయించే యూనికోడ్ వాళ్ల పట్టికలో కొన్నిటి పక్కన "ప్రొవిజనల్ క్యాండిడేట్" అనీ, కొన్నిటి పక్కన "డ్రాఫ్ట్ క్యాండిడేట్" అనీ ఉంది. తాత్కాలిక అభ్యర్థి, ముసాయిదా అభ్యర్థి అని రాసి పెట్టుకున్నాను. ముందుగా చదివిన స్నేహితురాలు "ఇంతకీ ఆ ఎమోజీ ఖాయమైనట్టా కాదా?" అని అడిగితే చెప్పలేకపోయాను. మాటల సంగతి తర్వాత చూద్దాం, ముందు అసలు అక్కడ జరిగేదేమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

రమణ:
డ్రాఫ్ట్ దాకా వచ్చిందంటే ఖాయమేనండి. ఆ దశలో కోడ్ పాయింట్, అంటే కంప్యూటర్లు ఆ అక్షరాన్ని గుర్తించే అంకె, కేటాయిస్తారు. యూనికోడ్‌లో ఒకసారి చేరిన అక్షరాన్ని ఎప్పటికీ తీసెయ్యరు, అది వాళ్ల నియమం. కాబట్టి "ఆమోదం పొందినది" అని రాసేయండి.

వెంకట్:
నాదీ ఒక ప్రశ్న. ఎమోజీల తెలుగు పేర్లు ఎవరు ఆమోదిస్తారు? నా ఫోన్‌లో కొన్ని పేర్లు చదివితే అర్థమే కావడం లేదు.

ప్రభాకర్:
వెంకట్ గారూ, అది వేరే దారి. ఎమోజీ ఖరారయ్యాక దాని పేరునీ, వెతికే మాటలనీ ఆయా భాషల్లోకి సీఎల్‌డీఆర్ అనే ప్రాజెక్టులో తెస్తారు. అక్కడ మనలాంటి వాళ్లు కూడా ఖాతా అడిగి పేర్లు సూచించవచ్చు. సుజాత గారు అడిగింది అంతకు ముందు జరిగే కథ.

రమణ గారూ, మీరు చెప్పిన నియమం నిజమే. కానీ రెండు సంగతులు కలిసిపోయాయి. మొదటిది, డ్రాఫ్ట్ దశలో ఇచ్చే కోడ్ పాయింట్ ఆ ఏడాది యూనికోడ్ సంచిక విడుదలయ్యేదాకా పక్కా కాదు. అప్పటిదాకా పేరు మారవచ్చు, అంకె మారవచ్చు, ఆ ఎమోజీనే ఆపేయవచ్చు. తీసెయ్యరన్న నియమం విడుదలైన అక్షరాలకే. రెండోది, అక్షరంగా చేరడం వేరు, ఎమోజీ కావడం వేరు. దీనికి మంచి ఉదాహరణ తుపాకీ.

2016లో వచ్చిన యూనికోడ్ 9.0కి ఒలింపిక్ ఆటల గుర్తులు కొన్ని ప్రతిపాదించారు. వాటిలో రైఫిల్ ఒకటి, ఐదు ఆటలు కలిపి ఆడే మోడరన్ పెంటాథ్లాన్ ఒకటి. రెండూ అభ్యర్థులుగా చాలా దూరం వచ్చాయి, కోడ్ పాయింట్లూ పడ్డాయి. విడుదలకు కొద్ది వారాల ముందు, మే నెలలో జరిగిన యూనికోడ్ సాంకేతిక సంఘం సమావేశంలో ఆ రెండిటినీ ఎమోజీల జాబితాలోంచి తప్పించారు. అక్షరాలుగా మాత్రం ఉంచారు. రైఫిల్ ఈ రోజుకీ U+1F946 దగ్గర ఉంది, కానీ మన కీబోర్డులో కనబడదు, రంగుల బొమ్మా లేదు. యూనికోడ్ వాళ్ల emoji-data.txt ఫైలు తెరిచి చూడండి:

```
1F940..1F945  ; Emoji
1F947..1F94B  ; Emoji
```

1F945 గోల్ వల, 1F947 బంగారు పతకం. మధ్యలో ఉండాల్సిన 1F946 లేదు చూశారా? అదే రైఫిల్.

రమణ:
ఇది నాకు తెలీదండీ. కోడ్ పాయింట్ ఉంటే ఎమోజీయే అనుకుంటూ వచ్చాను.

సుజాత:
మరి ప్రొవిజనల్ అంటే? దానికి ముందు ఏం జరుగుతుంది?

ప్రభాకర్:
ప్రతిపాదన ఎవరైనా పంపవచ్చు, రుసుము లేదు. ఈమధ్య ఏళ్లలో ఏప్రిల్ మొదట్లో తీసుకోవడం మొదలుపెట్టి జూలై చివరికి ఆపుతున్నారు. వచ్చినవాటిని ఎమోజీ వర్కింగ్ గ్రూప్ చదువుతుంది, దీన్నే ఇదివరకు ఎమోజీ సబ్‌కమిటీ అనేవారు. బాగున్నాయనుకున్నవాటిని యూనికోడ్ సాంకేతిక సంఘానికి సిఫారసు చేస్తుంది. ఈ సంఘం ఏడాదికి నాలుగుసార్లు కూర్చుంటుంది, సభ్య సంస్థలు ఓటేస్తాయి. ఫోన్లూ కీబోర్డులూ తయారుచేసే పెద్ద కంపెనీలు అందులో ఉన్నాయి. "పరిశీలనకు తగినదే, కానీ ఇంకా అంకె ఇవ్వలేదు" అన్న దశే ప్రొవిజనల్. "ఫలానా సంచికలో చేర్చాలనుకుంటున్నాం, ఇదిగో అంకె, అభ్యంతరాలుంటే చెప్పండి" అన్నది డ్రాఫ్ట్. సంచిక వెలువడ్డాకే ఖరారు.

ఖరారయ్యాక కూడా వెంటనే చేతికి రాదు. వేలిముద్ర ఎమోజీ ఉన్న యూనికోడ్ 16.0 2024 సెప్టెంబరులో వచ్చింది. ఐఫోన్‌లో అది కనబడింది 2025 మార్చి ఆఖరున, ఐఓఎస్ 18.4తో. బొమ్మ ఎవరికి వారే గీసుకుంటారు, యూనికోడ్ ఇచ్చేది అంకే తప్ప బొమ్మ కాదు.

కిరణ్:
ఇంత తతంగం ఎందుకండీ? లక్ష సంతకాలు పెట్టించి పంపితే వాళ్లే ఇస్తారు. నెలసరి ఎమోజీ అలాగే వచ్చింది, నాకు బాగా గుర్తు.

ప్రభాకర్:
కిరణ్, అది సంతకాలతో వచ్చింది కాదు. సంతకాలనూ, "అందరూ అడుగుతున్నారు" అన్న మాటనూ ఆధారంగా తీసుకోబోమని వాళ్ల మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. నెలసరి కథ చూడు. 2017లో ప్లాన్ ఇంటర్నేషనల్ సంస్థ బ్రిటన్ శాఖ ఐదు బొమ్మలు పెట్టి ఓట్లడిగింది. యాభై వేలమందికి పైగా ఓటేశారు. రక్తపు చుక్కలున్న లోదుస్తుల బొమ్మ గెలిచింది. అన్ని ఓట్లు వచ్చిన బొమ్మను యూనికోడ్ తీసుకోలేదు. తర్వాత వాళ్లు బ్రిటన్ రక్తదాన విభాగంతో కలిసి రక్తపు బొట్టును ప్రతిపాదించారు. అది 2019లో వచ్చింది, 🩸. ఆ బొట్టు నెలసరికీ సరిపోతుంది, రక్తదానానికీ, వైద్య పరీక్షకీ, గాయానికీ సరిపోతుంది. మొదటి బొమ్మ ఒక్క సందర్భానికే పనికొచ్చేది. నా ఉద్దేశంలో తేడా అక్కడే పడింది.

కిరణ్:
అయితే ప్రచారం వృథా అయిందంటారా? ఆ గొడవ జరక్కపోతే రెండో ప్రతిపాదనను అంత శ్రద్ధగా చదివేవారా?

ప్రభాకర్:
అది నేను తేల్చలేను. ప్రచారం లేకపోతే రెండో ప్రతిపాదన రాసేవాళ్లే ఉండేవారు కాదేమో, అంతవరకు ఒప్పుకుంటాను.

మాధవి:
నేను నేతపని చేస్తాను. మగ్గం ఎమోజీ కోసం ప్రతిపాదన రాయడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. ఏనుగు దగ్గర చిక్కుకున్నాను. మగ్గానికీ ఏనుగుకీ ఏమిటి సంబంధం?

ప్రభాకర్:
మాధవి గారూ, అందరూ ఏనుగు దాటే వెళ్లాలి. మనం అడిగే వస్తువును జనం ఎంతగా తలుచుకుంటారో చూపడానికి గూగుల్ ట్రెండ్స్, పుస్తకాల్లో ఒక మాట ఎంత తరచుగా వస్తుందో గీతగా చూపే ఎన్‌గ్రామ్, వీడియో వెతుకులాట ఫలితాలు తెరపట్టులుగా జతచేయాలి. వట్టి అంకె ఇస్తే అది ఎక్కువో తక్కువో తెలీదు కదా. అందుకని elephant అన్న మాటను పక్కన పెట్టి పోల్చమంటారు. ఏనుగు ఎమోజీ వాడుక మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు, నడిమధ్య ఉంటుందని దాన్ని కొలగా పెట్టుకున్నారు.

మీ విషయంలో అసలు చిక్కు ఇంకోటుంది. loom అని వెతికితే వచ్చేదంతా మగ్గమేనా?

మాధవి:
కాదు. ఎన్‌గ్రామ్‌లో గీత బాగా పైకి వచ్చింది, సంతోషపడ్డాను. తీరా చూస్తే ఇంగ్లీషులో అదే మాట క్రియగా కూడా ఉంది, ముప్పు ముంచుకొస్తోంది అనే అర్థంలో. పిల్లలు రబ్బరు బ్యాండ్లతో అల్లే ఆట వస్తువుకూ అదే పేరు. వీడియోల్లో సగం అవే.

ప్రభాకర్:
చదివేవాళ్లు ముందు పట్టుకునేది అదే. అనేకార్థాలున్న మాటతో అంకెలు పెంచి చూపితే మిగతా ప్రతిపాదనను కూడా అనుమానంగా చూస్తారు. ఎన్‌గ్రామ్‌లో `loom_NOUN` అని కొట్టండి, క్రియ తప్పుకుంటుంది. మిగతా రెండు చోట్ల weaving loom అని వెతకండి. అంకె పడిపోతుంది, అయినా అది నిజమైన అంకె. ఏనుగు కంటే తక్కువ వచ్చినంత మాత్రాన ఆగిపోనక్కర్లేదు, మిగతా కారణాలు బలంగా ఉండాలి.

ఆ మిగతా కారణాల్లో మీకు అడ్డొచ్చేవి దారపు రీలు 🧵, నూలు ఉండ 🧶. రెండూ 2018లోనే వచ్చాయి. "నేత అని చెప్పాలంటే వీటితో చెప్పవచ్చు కదా" అంటారు. ఉన్న ఎమోజీలతో చెప్పగలిగినదాన్ని మళ్లీ ఇవ్వరు.

మాధవి:
దారపు రీలు కుట్టుపనికి, నూలు ఉండ చేతి అల్లికకు. నేత వేరు. పడుగూ పేకా కలవడం ఆ రెండిటిలోనూ లేదు. పైగా మగ్గం అంటే ఒక వస్తువే కాదు, కలిపి కట్టడం, ఓపికగా పని చేయడం, కథ అల్లడం, వీటన్నిటికీ వాడుకోవచ్చు.

ప్రభాకర్:
అదే రాయండి, ఈ మాటలతోనే. బహుళ వాడుక అన్న శీర్షిక కింద "కథ అల్లడం" ముందు పెట్టండి. కానీ ఊరికే చెబితే చాలదు, ఇంగ్లీషులో జనం నిజంగా అలా వాడుతున్నారని చూపాలి. "ఇది నా వృత్తి, దీనికి గౌరవం దక్కాలి" అన్న వాదన మాత్రం పెట్టకండి. అది న్యాయమైనదే, కానీ ప్రతి వృత్తికీ వర్తిస్తుంది కాబట్టి ఎటూ తేలదు.

సుజాత:
బొమ్మ కూడా పంపాలా?

మాధవి:
పంపాలండి. రంగుల్లో ఒకటి, నలుపు తెలుపులో ఒకటి, ఒక్కోటి 72 పిక్సెళ్లలోనూ 18 పిక్సెళ్లలోనూ. పెద్దది బాగా కుదిరింది. 18 పిక్సెళ్లకు కుదిస్తే పడుగు దారాలన్నీ కలిసిపోయి బూడిదరంగు పలక మిగిలింది. కిటికీ అనుకున్నారు మా ఇంట్లో.

ప్రభాకర్:
దారాలు ఐదారుకు మించకుండా పెట్టి, సగం నేసిన గుడ్డను ముదురు రంగులో వేసి చూడండి. అప్పటికీ గుర్తుపట్టలేకపోతే మగ్గం బదులు పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె గురించి ఆలోచించండి, దాని ఆకారం చిన్న సైజులోనూ నిలుస్తుంది. ఇంకో పని ముందే చేయండి. ఇంతకుముందు ఎవరెవరు ఏమేం అడిగారో, ఏది తిరస్కరించారో యూనికోడ్ సైటులో పట్టిక ఉంది. ఈమధ్యే కాదన్నదాన్ని వెంటనే మళ్లీ పంపితే తీసుకోరు.

రమణ:
నాకు ఒకటి మింగుడుపడటం లేదు. కొలతంతా ఇంగ్లీషు మాటతోనే. తెలుగులో మగ్గం అని ఎంతమంది వెతికినా అది లెక్కకు రాదా? ఇంగ్లీషులో పేరు సరిగా లేని వస్తువు ఎప్పటికీ వెనకే ఉంటుంది కదా.

ప్రభాకర్:
ప్రతిపాదన ఇంగ్లీషులోనే రాయాలి, ప్రధాన పోలిక ఇంగ్లీషు మాటతోనే. వేరే భాషల అంకెలు అదనంగా జతచేస్తే చదవకపోరు అని నా నమ్మకం, కానీ అవి ఎంత బరువు తూగుతాయో నేను చెప్పలేను. మీ అభ్యంతరం సరైనదే. అన్ని భాషల్లో సమానంగా కొలిచే మార్గం నాకు తోచలేదు, మీకు తోస్తే రాయండి.

రమణ:
కనీసం ఆ వస్తువు ఎక్కువగా వాడే భాషల్లో ఏనుగుకు ఆ భాష మాటనే పెట్టి పోల్చనివ్వాలి. తెలుగులో "మగ్గం" పక్కన "ఏనుగు". అంకెలు చిన్నవే ఉంటాయి, నిష్పత్తి నిజం చెబుతుంది.

మాధవి:
నేను అది అదనంగా జతచేస్తాను, పోయేదేముంది.

సుజాత:
నా వ్యాసంలో "ఆమోదం" అన్న మాటను విడుదలైనవాటికే ఉంచుతున్నాను. ప్రొవిజనల్‌కు "పరిశీలనలో ఉన్నది", డ్రాఫ్ట్‌కు "చేర్చదలచినది" అని రాస్తున్నాను.

రమణ:
"చేర్చదలచినది" అంటే మళ్లీ ఖాయమన్నట్టే వినబడుతోంది నాకు. రైఫిల్ సంగతి విన్నాక "ముసాయిదా"యే మేలనిపిస్తోంది.