‘రెస్పెక్ట్’: ఓటిస్ మాటలు, అరీతా మాటలు ఒకటేనా?

హన్మకొండ శ్రోత
ఓటిస్ రెడ్డింగ్ 1965ల రాసి పాడిన ‘రెస్పెక్ట్’ను 1967ల అరీతా ఫ్రాంక్లిన్ మళ్ల పాడింది. మగ గొంతు పోయి ఆడ గొంతు వచ్చింది, దానికి తగ్గట్టు నాలుగు మాటలు మార్చుకున్నరు, అర్థం మాత్రం అదే అని మా దోస్తు వాదన. నాకైతే వేరే పాట లెక్క వినిపిస్తది. ఎవరిది రైటు?

కాజీపేట కీబోర్డ్
మీ దోస్తుదే రైటు. ఇంటికొచ్చినప్పుడు కొంచెం మర్యాద చూపియ్యాలె, రెండిట్ల అడిగేది గదే. అరీతా పాట లేచింది సంగీతంతోని. నడుమ శాక్సోఫోన్ ముక్క ఓటిస్ పాటల లేదు. కింగ్ కర్టిస్ వాయించిండు, దాని కింది కార్డ్స్ శామ్ అండ్ డేవ్ పాడిన ఇంకో పాటలకెల్లి తెచ్చుకున్నరు. వెనుక కోరస్‌ల ఆమె అక్కాచెల్లెండ్లు. సాహిత్యం జోలికి పోవుడు దండుగ.

పరకాల పాతపాటలు
శాక్సోఫోన్ సంగతి నిజమే తమ్మీ. అయినా రెండు పాటల మాటలు పక్కపక్కన పెట్టి చూడు. ఓటిస్ పాటలో మగవాడు బయట తిరిగి ఇంటికి వస్తుంటాడు. నేను లేనప్పుడు నాకు అన్యాయం చేస్తే చేసుకో, వచ్చినప్పుడు మాత్రం మర్యాదగా చూడు అంటాడు. ఉన్న డబ్బంతా నీకే ఇస్తున్నా కదా అని కూడా అంటాడు. అంటే బేరం చేస్తున్నాడు, అందులో బతిమాలుడు కూడా ఉంది.

మీరన్నట్టు మగ ఆడ మార్పే అయితే అరీతా పాటలో బయటికి పోయేది ఆడమనిషి కావాలి. కాదు, అక్కడ కూడా బయటికి పోయేది మగవాడే. సరే, ఇంట్లో ఉన్న ఆ ఆడమనిషే ఓటిస్‌కు జవాబు చెబుతున్నదనుకుందాం. అప్పుడు డబ్బు ఆయన చేతిలో ఉండాలి. అదీ లేదు, డబ్బు ఇచ్చేది ఆమెనే! ఆయన ఇచ్చిన సడలింపును ఆమె ముట్టుకోదు. నువ్వు లేనప్పుడు నీకు అన్యాయం చెయ్యను, ఎందుకంటే అది నాకే ఇష్టం లేదు అంటుంది. అంటే ఆమె నిజాయితీకి కారణం మగవాడంటే భయం కాదు.

ఇక చివర్లో వచ్చేది ఓటిస్ రాయనే లేదు. విసిగిపోతున్నా, నీ మాట నమ్మే పిచ్చోళ్లు తక్కువైపోతున్నారు, ఒకనాడు నువ్వు వచ్చేసరికి నేను ఇంట్లో ఉండకపోవచ్చు అని చెబుతుంది. ఓటిస్ పాటలో అడిగింది దొరకకపోతే ఏమవుతుందో ఎక్కడా లేదు. అర్థం మారిందనడానికి నాకు ఇదొక్కటి చాలు.

మంథని మిత్రుడు
గట్ల మాటలు మార్చుకుంటే రాసినాయన కేసు పెట్టడా?

పరకాల పాతపాటలు
చర్చ అది కాదన్నా. రచయితగా మాత్రం ఓటిస్ పేరే ఉంది. అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వస్తే డబ్బులు రచయిత హక్కుదార్లకే పోతాయి, పాడినవాళ్లకు రావు. ఆమె చేర్చిన పంక్తులకు కూడా రేడియో డబ్బు ఆయన వైపే పోయింది.

జమ్మికుంట సుజాత
మాటలు మార్చకుంటనే అర్థం చెడగొట్టుడు నేను చూసిన అన్నా. పుట్టింటికి తీస్కపోనీకి అన్న వస్తే కోడలు అత్తను, మామను, బావను, తోడికోడలిని, ఆఖరికి మొగన్ని అడిగే పాట ఉన్నది గదా. మా వాడకట్టుల బతుకమ్మకు దాన్ని డీజేల పెట్టిన్రు. నడిమి చరణాలన్నీ కోసేసి మొగడు ఒప్పుకునుడు ఒక్కటి ఉంచిన్రు. ఒక్కొక్కరు ఇంకొకరి మీదికి నూకుడే ఆ పాటల ఉన్న బాధ. అది పోయినంక ఉత్త సంబురం మిగిలింది.

కాజీపేట కీబోర్డ్
పరకాల అన్నా, పాటల డబ్బు ఎవరు ఎవరికిస్తున్నరన్నది నేను ఎన్నడు పట్టించుకోలె. ఒప్పుకుంట. కని ఆడోళ్ల హక్కులు, నల్లజాతి హక్కులు అని జనం పట్టుకున్న అర్థం అరీతా మాటల్ల ఏడున్నది? మొగడు పెండ్లాల ముచ్చటే గదా. ఆ అర్థం 1967 ఇచ్చింది, పంక్తులు ఇయ్యలె.

పరకాల పాతపాటలు
పూర్తిగా కాదనలేను. కానీ ఓటిస్ మాటలతో ఆ అర్థం పట్టుకోవడం కష్టం. ఏం చేసినా పర్లేదు అనే పంక్తిని ఊరేగింపులో ఎవరు పాడుతారు? ఓటిస్ కూడా ఆ జూన్‌లో మాంటెరీ సంగీత ఉత్సవం వేదిక మీద, ఈ పాటను ఒక అమ్మాయి నా దగ్గర్నుంచి తీసుకపోయిందని చెప్పే పాడాడు.

హన్మకొండ శ్రోత
అసలు సంగతి చెప్త. మా ట్రూప్‌ల దీన్ని పాడేది మగపిలగాడు. అరీతా మాటలు ఉన్నదున్నట్టు పాడొచ్చా?

జమ్మికుంట సుజాత
పాడనియ్యిన్రి. ఇంటికాడ ఎదురుచూసే మొగోడు ఉండడా?

కాజీపేట కీబోర్డ్
ఎదురుచూసుడు వరకు ఓకే అక్కా. ఇల్లు విడిచిపోత అని మొగోడు అంటే బెదిరింపు లెక్క వినిపిస్తది. ఆడమనిషి అంటే అట్ల వినిపించదు. ఆ ఒక్క పంక్తి తీసెయ్యాలె.

పరకాల పాతపాటలు
అది తీస్తే మళ్లీ ఓటిస్ బేరం దగ్గరికే పోతారు తమ్మీ. ఉంచితే నువ్వన్న ఇబ్బంది ఉన్నమాట నిజమే. రెండు తీర్లా పాడించి రికార్డు పెట్టండి, విని చెబుతా.