"మన టీమ్‌లో ఇమడదు" అనే మాటకు మార్కులెలా వేయాలి?

నాలుగో కుర్చీ:
మాది నలుగురు కూర్చునే ఇంటర్వ్యూ ప్యానెల్. పోయిన వారం వచ్చిన ఒకమ్మాయి టెక్నికల్ రౌండ్‌లో అందరికన్నా బాగా చేసింది. చివర్లో ఇద్దరు "పని వచ్చు గానీ మన టీమ్‌లో ఇమడదు" అన్నారు. ఎందుకని అడిగితే "ఏమో, అలా అనిపించింది" అన్నారు. రిజెక్ట్ చేశాం. అప్పట్నుంచి నాకు మనసులో పీకుతూనే ఉంది. ఫారమ్‌లో కల్చర్ ఫిట్ అనే గడి తీసేయాలా, లేక దాన్ని న్యాయంగా కొలిచే పద్ధతి ఏదైనా ఉందా?

టీమ్ పెద్ద:
తీసేయకండి. పన్నెండేళ్లుగా మనుషుల్ని తీసుకుంటున్నాను. ఒకసారి కాగితం మీద అన్నీ బాగున్నాయని, మనసు వద్దంటున్నా ఒకతన్ని తీసుకున్నాను. ఆరు నెలల్లో అతని నోటికి భయపడి ఇద్దరు మంచివాళ్లు మానేశారు. "అనిపించడం" అంటే గాలిలోంచి ఊడిపడదు, అది అనుభవం.

పాత రిక్రూటర్:
అతను మీకు గుర్తున్నాడు, సరే. మనసు వద్దంటే మీరు పంపించేసినవాళ్లు తర్వాత ఎక్కడ ఎలా పనిచేశారో మీకు తెలుసా? తెలియదు కదా. తప్పని తేలే అవకాశమే లేనప్పుడు ఎవరి అంచనా అయినా ఎప్పుడూ నిజమైనట్టే ఉంటుంది.

2012లో లారెన్ రివెరా అనే సామాజిక శాస్త్రవేత్త లా, బ్యాంకింగ్, కన్సల్టింగ్ సంస్థల్లో ఉద్యోగులను ఎంపిక చేసే 120 మందితో మాట్లాడి ఒక అధ్యయనం ప్రచురించింది. "మాకు ఫిట్ అవుతాడు" అన్నప్పుడు వాళ్లు చాలాసార్లు చూస్తున్నది తమ ఆటలు, తమ అభిరుచులు, తమలాంటి నేపథ్యం ఉన్నాయా అని. అంటే పక్క సీట్లో ఎవరుంటే పొద్దు పోతుందన్నదే లెక్క.

నాలుగో కుర్చీ గారూ, గడి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఇద్దరినీ విడివిడిగా ఒక్కటే అడగండి: ఆమె ఏమంది, ఏం చేసింది, ఏది చూసి మీకలా అనిపించింది?

నాలుగో కుర్చీ:
అడిగాను. ఒకాయన "ముభావంగా ఉంది, ఒక్క జోక్‌కి కూడా నవ్వలేదు" అన్నారు. రెండో ఆయన కాసేపు ఆగి, "నేను చూపించిన డిజైన్‌లో తప్పుందని మొహం మీదే చెప్పింది" అన్నారు. తమాషా ఏంటంటే, మేం గోడ మీద రాసుకున్న విలువల్లో మొదటిది "మొహమాటం లేకుండా మాట్లాడతాం".

కుర్చీకి అవతల:
నా కథ కూడా ఇదే. "వారాంతాల్లో ఏం చేస్తారు?" అని అడిగారు. అమ్మకు ఒంట్లో బాగోదు, ఆమె దగ్గరే ఉంటానని చెప్పాను. తర్వాత తెలిసినవాళ్ల ద్వారా తెలిసింది, నా ఫారమ్‌లో "ఎనర్జీ సరిపోదు" అని రాశారట. ఆ రోజంతా పని గురించి నన్ను అడిగింది రెండే ప్రశ్నలు.

పాత రిక్రూటర్:
మీ విషయంలో తప్పు ఆ ప్రశ్నదే. వారాంతం గురించి అడిగితే పని తీరు గురించి ఏమీ తెలియదు, మనిషి జీవితం మీద తీర్పు చెప్పడానికి మాత్రం బోలెడు సరుకు దొరుకుతుంది.

ఇక పద్ధతి. ఆ గోడ మీది మాటనే తీసుకుందాం. "మొహమాటం లేకుండా" అంటే నలుగురికీ నాలుగు అర్థాలు. ఒకరికి ధైర్యం, ఇంకొకరికి గొంతు పెంచడం. కాబట్టి ముందుగా మీ టీమ్‌లో ఈ విలువను నిజంగా పాటించే మనిషిని తలచుకోండి, పోయిన నెలలో అతను చేసిన పనులు రాయండి. ఉదాహరణకి, పని ఆలస్యమవుతుందని తెలిసిన రోజే చెప్పాడు, గడువు రోజు దాకా ఆగలేదు. పై అధికారితో విభేదించినప్పుడు కారణం చూపించి మాట్లాడాడు. ఇవి కంటికి కనిపిస్తాయి. "పాజిటివ్‌గా ఉంటాడు" అన్నది కనిపించదు, కొట్టేయండి.

దాని నుంచే ప్రశ్న పుడుతుంది: "ఒక పని అనుకున్న టైమ్‌కి అవ్వదని మీకు ముందే తెలిసిపోయిన సందర్భం ఒకటి చెప్పండి. ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ మాటల్లో చెప్పారు?" వచ్చినవాళ్లందరినీ ఇదే అడగాలి. మార్కులకు ఆనవాళ్లు కూడా ముందే రాసి పెట్టుకోవాలి. ఎవరైనా అడిగేదాకా చెప్పలేదు, లేదా తప్పు ఇతరుల మీద తోశారు అంటే 1. చెప్పారు గానీ ఆలస్యంగా, దారి చూపకుండా చెప్పారు అంటే 3. తెలియగానే చెప్పి, దేన్ని వదిలేస్తే గడువు నిలుస్తుందో కూడా ముందు పెట్టారు అంటే 5.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరి మార్కు వాళ్లు, అభ్యర్థి అన్న మాటతో సహా, చర్చకు ముందే రాసి ఇచ్చేయాలి. లేకపోతే మొదట నోరు తెరిచిన సీనియర్ మార్కే అందరి మార్కూ అవుతుంది.

మొదటి ఉద్యోగం వేటలో:
ఈ ప్రశ్నకు మంచి జవాబు ఎలా ప్రిపేర్ అవ్వాలి? నాకు ఇంకా ఉద్యోగమే రాలేదు, ఏ గడువు గురించి చెప్పను?

టీమ్ పెద్ద:
చూశారా! నా భయం ఇదే. నాలుగు కథలు బట్టీ పట్టినవాడు 5 కొట్టేస్తాడు, మాటకారి కానివాడు ఇంటికి పోతాడు. అనిపించడం పోయి కథలు చెప్పడం వచ్చింది, అంతేగా?

పాత రిక్రూటర్:
సగం ఒప్పుకుంటాను. బట్టీ కథ రెండో ప్రశ్నకే తడబడుతుంది. "అప్పుడు మీ లీడ్ ఏమన్నారు? ఆ మాట విన్నాక మీరేం మార్చారు?" అని లోపలికి వెళ్లాలి. జరిగినదైతే చిన్న చిన్న వివరాలు, కాస్త ఇబ్బంది కూడా బయటికొస్తాయి. మాటకారితనానికి మార్కు లేదని ఫారమ్ మీదే రాసి పెట్టండి. జవాబు తడుముకుంటూ వచ్చినా, చేసిన పని సరైనదైతే 5 వేయాల్సిందే.

వేటలో ఉన్న మిత్రమా, కాలేజీ ప్రాజెక్టులో జరిగింది చెప్పినా సరిపోతుంది. అదీ లేనివాళ్లకు ఊహించిన సందర్భం ఇచ్చి అడగొచ్చు. కాకపోతే అక్కడ చేస్తానన్నదే వింటాం, చేసింది కాదు.

2022లో పాల్ సాకెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహ పరిశోధకులు ఉద్యోగుల ఎంపిక మీద వచ్చిన పాత అధ్యయనాలను మళ్లీ లెక్కగట్టారు. అందరికీ ఒకే ప్రశ్నలు, ముందే రాసుకున్న కొలమానం ఉన్న ఇంటర్వ్యూ మార్కులకూ తర్వాతి పనితీరుకూ మధ్య సంబంధం 0.42, నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూకి 0.19. 1 వస్తే పూర్తి పొంతన. కాబట్టి 0.42 కూడా జోస్యమేమీ కాదు, కానీ రెంటికీ మధ్య తేడా చిన్నది కాదు.

టీమ్ పెద్ద:
మరి నా కథలో నోటి దురుసువాడు? ఈ ప్రశ్నలకు దొరికేవాడా?

పాత రిక్రూటర్:
ఖాయంగా చెప్పలేను. "మీ పనిలో ఎవరైనా తప్పు పట్టినప్పుడు ఏం చేశారు?" అన్నదానికి ఎదుటివాళ్లను ఎలా వర్ణించేవాడో విని ఉంటే దొరికే అవకాశం ఉండేది. మీకు మనసు వద్దన్నప్పుడు అతను నిజానికి ఏమన్నాడో గుర్తుందా?

టీమ్ పెద్ద:
ఉంది. పాత టీమ్‌లో అందరూ దద్దమ్మలే అన్నాడు. అంటే నాది మనసు కాదు, చెవి అంటారు.

నాలుగో కుర్చీ:
ఈ పద్ధతిలో ఆమె పాత నోట్స్‌కి మళ్లీ మార్కులు వేద్దామని కూర్చున్నాం. కుదరలేదు. మా నలుగురి నోట్స్‌లోనూ ఆమె అన్న మాట ఒక్కటీ లేదు, మా అభిప్రాయాలే ఉన్నాయి. మళ్లీ పిలుద్దామని నేనంటున్నాను. కానీ ఆమె తప్పు పట్టిన డిజైన్ వేసినాయన ఈసారి కూడా ప్యానెల్‌లో ఉండాలా వద్దా అన్న దగ్గర ఆగిపోయాం.

కుర్చీకి అవతల:
ఉండకూడదు.

పాత రిక్రూటర్:
ఉండాలంటాను. చేరాక ఆమె రోజూ పనిచేయాల్సింది ఆయనతోనే కదా. అయితే ఆయన మార్కు, ఆధారంతో సహా, అందరికన్నా ముందు మీ చేతికి రావాలి.

కుర్చీకి అవతల:
ఆమె వస్తుందని ఎవరన్నారు? నన్ను పిలిస్తే నేనైతే వెళ్లను.